ఆఫర్ లెటర్ చేతికి రాకముందే రాజీనామా ఇవ్వొచ్చా?

ప్రశ్న: సార్, మాది విజయనగరం. పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో చేస్తున్నాను, నోటీసు పీరియడ్ 30 రోజులు. విశాఖలో ఒక కంపెనీ హెచ్‌ఆర్ మేడమ్ 3వ తేదీన ఫోన్ చేసి సెలెక్ట్ అయ్యారు, నెలకు 32 వేలు, వచ్చే నెల 5న జాయిన్ అవ్వండి, లెటర్ రెండు రోజుల్లో వస్తుంది అన్నారు. ఈరోజు 19, ఇంకా రాలేదు. మాటిచ్చారు కాబట్టి చట్టప్రకారం నాకు హక్కు ఉంటుందా? రాజీనామా ఇచ్చేయనా?

జవాబు: రాజీనామా ఇప్పుడే వద్దు బాబూ. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, కాంట్రాక్టు చట్టం 10వ సెక్షన్ ప్రతిదీ కాగితం మీదే ఉండాలని అనదు. కానీ ఆ మేడమ్ ఫోన్‌లో "మేనేజ్‌మెంట్ అప్రూవల్ వచ్చాక" అనో, "లెటర్ వచ్చాకే ఫైనల్" అనో ఒక్క ముక్క కలిపి ఉంటే అసలు ఒప్పందమే కుదరలేదని వాళ్లు వాదిస్తారు. అలా అన్నారేమో గుర్తు తెచ్చుకోండి.

ఇంకోటి, మీరు ఫోన్‌లో ఏమన్నారు? "సరే మేడమ్, ఇంట్లో అడిగి చెప్తాను" అని ఉంటే అది ఒప్పుకోవడం కాదు. మీ అంగీకారం వాళ్లకు పంపేదాకా ఆఫర్‌ను వెనక్కి తీసుకునే వీలు 5వ సెక్షన్ కింద వాళ్లకుంది.

అందుకే ఈరోజే ఈమెయిల్ పెట్టండి, వాట్సాప్‌లో ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. సారం ఇలా ఉండాలి: "3వ తేదీన ఫోన్‌లో మీరు చెప్పిన ఉద్యోగం, నెలకు 32 వేల జీతం, వచ్చే నెల 5న చేరిక, వీటికి నేను ఒప్పుకుంటున్నాను. లెటర్ 23లోగా పంపగలరు. ప్రస్తుత కంపెనీలో నోటీసు 30 రోజులు, లెటర్ అందిన రోజే రాజీనామా ఇస్తాను, కాబట్టి చేరే తేదీ కొంచెం వెనక్కి జరపగలరేమో చూడండి." ఈ వరుస మార్చకండి. ఇవాళ రాజీనామా ఇచ్చినా 5కి ఎలాగూ విడుదల కాలేరు కదా అని "తేదీ మారిస్తేనే వస్తాను" అని రాశారంటే 7వ సెక్షన్ ప్రకారం అది అంగీకారం కాదు, మీరే కొత్త ప్రతిపాదన పెట్టినట్టు. ముందు ఒప్పుకోవాలి, తేదీ సంగతి వినతిగా అడగాలి.

23 దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఫోన్ చేసి "అప్రూవల్ అయిందా, ఎవరి దగ్గర ఆగింది" అని సూటిగా అడగండి. నాన్చుతున్నారంటే ఇంకో చోట ప్రయత్నాలు మొదలుపెట్టండి. లెటర్ కోసం డిపాజిట్ కట్టమంటే మాత్రం అది మోసమే అనుకోండి.

కోర్టుకెళ్తే ఉద్యోగం ఇప్పిస్తారా అంటే, ప్రైవేటు ఉద్యోగంలో దాదాపు ఇప్పించరు. మహా అయితే 73వ సెక్షన్ కింద నష్టపరిహారం, అదీ వాళ్ల మాట నమ్మి ఉన్న ఉద్యోగం వదిలేసి నష్టపోయామని మీరు రుజువు చేయగలిగితే, ఆ తర్వాత వేరే పని వెతుక్కున్నారా లేదా అనేది కూడా చూస్తారు. మీరు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు, నష్టమేం లేదు, కాబట్టి ఇప్పుడు లాయర్ నోటీసు కోసం డబ్బు తగలేయకండి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, మెసేజ్‌లు చెరపకండి, ఆ పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి.