మూడో అక్షరం మారితే సైలెంటేనా?

ప్రశ్న: కోడాన్‌లో, అంటే ఒక అమైనో ఆమ్లాన్నో స్టాప్‌నో సూచించే మూడక్షరాల గుంపులో, మూడో అక్షరం మారితే అమైనో ఆమ్లం మారని సైలెంట్ మ్యుటేషన్ అని రాసేయొచ్చా, ప్రతిసారీ కోడాన్ టేబుల్ చూడాల్సిందేనా?

చూడాల్సిందే. ఆ షార్ట్‌కట్ ఎవరు మొదలుపెట్టారో గానీ దానితో నాకు పెద్ద తలనొప్పి. నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే అమ్మాయి ఒకసారి మోడల్ టెస్ట్ పేపర్ పట్టుకొచ్చింది. UAC మారి UAA అయితే ఏమవుతుందని అడిగారు, తను నాన్‌సెన్స్, అంటే ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోయే మార్పు అని రాస్తే కీలో సైలెంట్ అని ఉందట, మార్కు కొట్టేశారు. ఏడుపు ఒక్కటే తక్కువ.

అప్పుడే బోర్డు మీద UAC రాసి, ఒక్కో అక్షరాన్ని మార్చి చూడమన్నాను. మొదటి అక్షరం మారిస్తే AAC, CAC, GAC వస్తాయి, అంటే టైరోసిన్ పోయి ఆస్పరాజిన్, హిస్టిడిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. రెండోది మారిస్తే UUC, UCC, UGC, అంటే ఫినైల్ అలనిన్, సెరిన్, సిస్టీన్. ఈ ఆరూ మిస్సెన్సే, అంటే అమైనో ఆమ్లం మారిపోయేవే. ఇక మూడోది మారిస్తే UAU ఒక్కటే టైరోసిన్, మిగతా రెండూ, UAA, UAG, స్టాప్ కోడాన్లు. అంటే ఇక్కడ సైలెంట్ అయ్యే మార్పు ఉన్నది మూడో చోటే, ప్రోటీన్‌ను మధ్యలో తెంపేసేవి కూడా అక్కడే. పైగా మొదటి అక్షరం మారినా సైలెంట్ కావచ్చు: CUA బదులు UUA వచ్చినా అది లూసినే. కీ తప్పని ఆ టెస్ట్ పెట్టినవాళ్లకి రాశాం, ఉలుకూ పలుకూ లేదు.

ఇంకో చిరాకు, డీఎన్‌ఏ ఇచ్చి అది ఏ పోగో, 5′ ఎటువైపో చెప్పకపోవడం. ATG అని ఊరికే ఇస్తే ఏమనుకోవాలి? కోడింగ్ పోగైతే T బదులు U పెడితే చాలు, AUG, మెథియోనిన్. ఆర్‌ఎన్‌ఏకి అచ్చుగా పనిచేసే టెంప్లేట్ పోగు అయి, 3′ వైపు నుంచి రాస్తే UAC, టైరోసిన్. అది తేలకుండా టేబుల్ తెరిచి లాభం లేదు.

సరే, టేబుల్ సైలెంట్ అంది కదా, అంతటితో అయిపోయినట్టేనా? నన్నడిగితే కాదు. పిల్లలకు చిన్న వయసులోనే ముసలితనం తెచ్చిపెట్టే ప్రొజీరియా ఉంది కదా, అందులో ఎక్కువ మందిలో ఉండేది LMNA జన్యువులో ఒక్క అక్షరం మార్పు, 2003లో బయటపడింది. 608వ కోడాన్ GGC కాస్తా GGT అవుతుంది. టేబుల్ ప్రకారం రెండూ గ్లైసినే, పక్కా సైలెంట్. కానీ ఆ మార్పు వల్ల ఆర్‌ఎన్‌ఏని కత్తిరించే యంత్రాంగం అక్కడే కొత్త కోత గుర్తు ఉందనుకుని ముందే కత్తిరిస్తుంది, ప్రోటీన్‌లో 50 అమైనో ఆమ్లాలు ఎగిరిపోతాయి. కోడాన్ టేబుల్‌కి ఇది కనపడదు, ఎందుకంటే అది కత్తిరింపు అయిపోయాక మిగిలిన ఎమ్మార్‌ఎన్‌ఏ సంగతే చెప్తుంది. పరీక్షలో సైలెంట్ అనే రాయండి, మార్కు వస్తుంది. నిజమైన రోగి రిపోర్టులో మాత్రం స్ప్లైసింగ్, అంటే ఆ కత్తిరింపు మారిందా లేదా అని ఆర్‌ఎన్‌ఏ చూడకుండా ఆ మాట నమ్మొద్దు.