వాకింగ్ రెండు వారాలకే ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 47. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. పొద్దున్నే ఐదింటికి గంటసేపు వాకింగ్ మొదలుపెడతాను, నైట్ డ్యూటీ పడగానే ఆగిపోతుంది. నడిచిన రోజు ఒక మాత్ర మానేస్తున్నాను. వాకింగ్ అలవాటు కావాలంటే ఎలా? – ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. ఏది మానేస్తున్నారో రాయలేదు. గ్లిమిపిరైడ్ వేసుకుని ఎక్కువసేపు నడిస్తే షుగర్ పడిపోవచ్చన్నది నిజమే. అలా పడిపోతుంటే డోసు తగ్గించాల్సింది మీ డాక్టర్, మీరు కాదు. ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేస్తుంటే రిపోర్టు చూసి డోసు తేల్చడం ఎవరికైనా కష్టమే. చదువుకున్నవారు కూడా ఇదే పని చేస్తున్నారు! చెమటలు, వణుకు, గుండెదడ వస్తే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి.

ఇక నడక. షిఫ్టులు మారే మనిషికి ఐదు గంటలన్న నియమం నిలవదు. గడియారాన్ని వదిలేసి భోజనాన్ని పట్టుకోండి. డ్యూటీ ఏదైనా, రోజులో పెద్ద భోజనం అయ్యాక చేయి కడుక్కోగానే బూట్లు వేసుకుని పది నిమిషాలు నడవండి. తిన్నాక పెరిగే షుగర్‌కు ఈ నడక బాగా పనిచేస్తుంది. చెప్పులు లేకుండా మాత్రం వద్దు, పాదంలో స్పర్శ తగ్గి ఉంటే చిన్న దెబ్బ కూడా తెలియదు.

పది నిమిషాలేనా అనకండి. ఓపిక ఉన్న రోజు అరగంట నడవండి, కానీ లెక్కలోకి వచ్చేది ఆ పదే. వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాలు గడిచాకే ఇంకో ఐదు నిమిషాలు కలపండి. వారానికి 150 నిమిషాలకు నెమ్మదిగా చేరితే చాలు.

నైట్ డ్యూటీ వారం ఏం చేయాలో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. వానైతే వరండాలో, డ్యూటీలో ఉంటే టిఫిన్ బాక్సు మూసేశాక అక్కడే ఐదు నిమిషాలు, పెళ్లికి వెళ్తే భోజనాలయ్యాక మండపం చుట్టూ. నడక వల్ల షుగర్‌కు కలిగే మేలు ఒకటి రెండు రోజులకు మించి పెద్దగా నిలవదు. అందుకే ఒకరోజు తప్పినా వరుసగా రెండు రోజులు తప్పనివ్వకండి. తప్పిన రోజులన్నీ కలిపి ఆదివారం రెండు గంటలు నడిచేయడం అసలే వద్దు. మీరు వాడే మాత్రతో ఆ రాత్రి నిద్రలోనే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. జ్వరం, వాంతులు ఉన్న రోజు నడక మానేయండి, మాత్రల గురించి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

నడుస్తుంటే ఛాతీ బిగుసుకున్నా, మామూలుకన్నా ఎక్కువ ఆయాసం వచ్చినా వెంటనే ఆగి ఆస్పత్రికి వెళ్లండి. మిమ్మల్ని చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. ఈ వారంలోనే డాక్టర్‌ను కలిసి, ఏ రోజుల్లో ఏ మాత్ర మానేశారో దాచకుండా చెప్పండి.