సందేహాలు – సమాధానాలు: తిరగబడేది షాఫ్టా, ప్రతిబలమా?

"డిప్లొమా మెకానికల్ పాఠంలో 'పూర్తిగా తిరగబడే వంపుకు లోనైన షాఫ్టు' అన్నాను. షాఫ్టు కాసేపు ఇటు, కాసేపు అటు తిరుగుతుందని పిల్లలు అనుకున్నారు. ఆ మాట ఎలా మార్చాలి? 'ఎండ్యూరెన్స్ లిమిట్'ను 'ఓర్పు హద్దు' అనొచ్చా?" – ఒక అధ్యాపకురాలు

పిల్లలు వాక్యంలో ఉన్నదే అర్థం చేసుకున్నారు. నిజానికి షాఫ్టు ఒకే దిక్కున తిరుగుతుంది, బరువు కిందికే లాగుతుంది, వంపూ కిందికే ఉంటుంది. రెండు బేరింగుల నడుమ పుల్లీ ఉన్న షాఫ్టు మీద సుద్దతో చుక్క పెట్టించండి. చుక్క అడుగున ఉన్నప్పుడు అక్కడి లోహం సాగుతుంది. అర చుట్టు తిరిగి పైకొచ్చాక అదే లోహం అంతే తీవ్రతతో నొక్కుకుంటుంది. తారుమారయ్యేది ఆ చోటి ప్రతిబలం. కనుక 'ప్రతి చుట్టులోనూ సాగు నుంచి నొక్కుకు పూర్తిగా మారే వంపు ప్రతిబలం' అని రాయండి. పొడవైతే అయింది, తప్పుదారి పట్టించదు.

'ఓర్పు హద్దు' బాగుంది. కాకపోతే దాన్ని ఉక్కు తెగే బలంతో కలిపేయకండి. సాగు నుంచి నొక్కుకు, మళ్లీ సాగుకు మారడం ఒక చక్రం. ఈ హద్దుకు లోబడిన ప్రతిబలం ఎన్ని చక్రాలు వచ్చినా ఉక్కు విరగదని లెక్కిస్తారు. ప్రతిబలానికీ, విరిగేలోపు తట్టుకునే చక్రాల సంఖ్యకూ గీసే ఎస్-ఎన్ గీత సుమారు 10 లక్షల చక్రాల దగ్గర బల్లపరుపు అయ్యేది అందుకే. అల్యూమినియం గీతకు ఆ మెట్టు ఉండదు. అక్కడ 'ఇన్ని చక్రాలకు ఓర్చే బలం' అనాలి.

ఒక లెక్క చూపితే మాట నిలుస్తుంది. తెగే బలం 600 మెగాపాస్కల్ ఉన్న ఉక్కుతో 40 మి.మీ. షాఫ్టు చేశారు. నునుపు చేసిన చిన్న నమూనాకు ఓర్పు హద్దు అందులో సగం, అంటే 300. లేతు మీద తీసిన ఉపరితలానికి 0.83, పరిమాణానికి 0.836 చొప్పున తగ్గిస్తే దాదాపు 208 మిగులుతుంది. వంపు ప్రతిబలం 255 అనుకుందాం. వెయ్యి చక్రాల దగ్గర తెగే బలంలో 90 శాతం, అంటే 540. 10 లక్షల దగ్గర 208. రెండు అక్షాలూ లాగరిథమ్ కొలతలో ఉన్న కాగితం మీద ఈ రెండు బిందువులనూ సరళరేఖతో కలిపితే 255కు ఎదురుగా సుమారు 2.3 లక్షల చక్రాలు వస్తాయి. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారుకు అది రెండున్నర గంటల పైచిలుకు! అందుకే 'ఆయుర్దాయం' అన్నచోట ఏళ్లు కాదు, చక్రాలు రాయాలి. రాత్రి మోటారు ఆపి ఉంచినా, తిరిగేసిన చక్రాల లెక్క మళ్లీ సున్నాకు రాదు.

వ్యాసం 45 మి.మీ. చేస్తే ప్రతిబలం దాదాపు 179కి దిగుతుంది, హద్దు మాత్రం 205 దగ్గరే ఉంటుంది. లెక్క ప్రకారం ఇక విరగకూడదు. అయితే ఇది నున్నని షాఫ్టు మాట. పుల్లీ కోసం కీ గాడి కోస్తే దాని మూలలో ప్రతిబలం అంతకంటే పెరుగుతుంది, పగులు సాధారణంగా అక్కడే మొదలవుతుంది.