చైన్ హార్వెస్టర్‌తో కోసిన వరి కొయ్యలు కాల్చకుండా యాసంగి నాటు ఎట్లా వేయాలి?

ప్రశ్న: మాది కరీంనగర్ వైపు, చెరువు కింద 3 ఎకరాలు. నవంబర్ చివర్ల చైన్ హార్వెస్టర్‌తో వరి కోయించినం. నారు పోసినం, నెల రోజులల్ల నాటు పడాలె. గడ్డి కట్టలు కట్టిస్తే మంచిదా, దున్నించాల్నా? పోయినేడు కలియదున్నిస్తే నాటు పసుపురంగుకు తిరిగి పిలకలే పెట్టలె, అందుకే మావోళ్లు కాల్చుడే నయం అంటున్రు. బయోచార్ అని ఒకటి చెప్తున్రు, అది మనకు పనికొస్తదా?

జవాబు:

రెండూ చేయాలి. పైన పడిన గడ్డిని కట్టలు కట్టించి, కొయ్యలను కలియదున్నించండి. ఎకరాకు 24 క్వింటాళ్ల వడ్లు పండితే ఎండుగడ్డి కూడా దాదాపు అంతే బరువు, ఒక్కోసారి కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ మొత్తాన్ని ఒకేసారి బురదలో తొక్కితే నెల రోజుల్లో మురగదు. సగం బయటికి పోతే మిగిలినదాన్ని మట్టి అరిగించుకుంటుంది.

ముందు కట్టల సంగతి. బేలర్ నేల మీద వదులుగా పడిన గడ్డిని మాత్రమే ఎత్తుకుంటుంది, నిలబడిన కొయ్యను కోయదు. అడుగున్నర ఎత్తులో కోయిస్తే గడ్డిలో సగం దాకా కొయ్యల్లోనే ఉండిపోతుంది. చైన్ తొక్కిన చోట గడ్డి మట్టిలో కూరుకుపోయి అదీ చేతికి రాదు. అందుకే ఎకరాకు 40 నుంచి 60 చిన్న గుండ్రటి కట్టలు వస్తే మంచి లెక్కే. ఈసారి కోత అయిపోయింది కాబట్టి వచ్చే పంటకు గుర్తు పెట్టుకోండి: జానెడులోపు ఎత్తులో కోయమని డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోవాలి. మిషన్ నెమ్మదిగా నడుస్తుంది, గంట లెక్కన కిరాయి కొంత పెరుగుతుంది, డ్రైవర్ గొణుగుతాడు. అయినా తర్వాత దున్నకానికయ్యే ఖర్చు తగ్గుతుంది. కొయ్య మొదళ్లలో దాగే మొగి పురుగుకు చోటు కూడా తగ్గుతుంది.

గడ్డి ఆరకముందే బేలర్‌ను పిలవడం ఎక్కువమంది చేసే పొరపాటు. కోసిన రోజు గడ్డిలో సగానికి పైగా నీరే ఉంటుంది. ఎండ బాగుంటే 3, 4 రోజులు, మంచు పడుతుంటే ఇంకా ఎక్కువ ఆగాలి, మధ్యలో ఒకసారి తిరగేయాలి. గుప్పెడు గడ్డి తీసుకుని తాడులా మెలేయండి. పెళుసుగా విరిగితే కట్టొచ్చు, మెత్తగా వంగి చేతికి తేమ తగిలితే ఇంకా ఆగాలి. పచ్చిగా కట్టిన కట్టలో మరుసటి రోజు చేయి దూర్చి చూస్తే లోపల వెచ్చగా తగులుతుంది. అది బూజు పడుతోందని అర్థం, అలాంటి గడ్డిని పశువులు ముట్టవు.

కట్టలు అమ్మేముందు ఒక లెక్క వేసుకోండి. టన్ను గడ్డిలో కనీసం 15 కిలోల పొటాష్ పోషకం ఉంటుంది, అంటే సగం బస్తా పొటాష్ ఎరువుతో సమానం. గడ్డి పొలం దాటిపోతే అదీ దానితోపాటే పోతుంది. కట్టల ధర చూసేటప్పుడు ఆ సగం బస్తా ఖరీదు తీసేసి చూడాలి. కాల్చినప్పుడు పొటాష్‌లో చాలావరకు బూడిదలో మిగులుతుంది కానీ నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది.

ఇక దున్నకం. పోయినేడు నాటు దెబ్బతిన్నది కలియదున్నినందుకు కాదు, ఎప్పుడు, ఏ స్థితిలో దున్నారన్నదే అసలు సంగతి. పొలానికి నీళ్లు పెట్టి, వారం లోపు దమ్ము చేసి, వెంటనే నాటేసి ఉంటే అలాగే అవుతుంది. నీటి కింద గాలి అందక గడ్డి నెమ్మదిగా మురుగుతూ వేళ్లకు హాని చేసే ఆమ్లాలు, వాయువులు వదులుతుంది. అదే గడ్డిని నీళ్లు పెట్టకముందు పదునులో కలిపితే గాలి తగిలి త్వరగా చివుకుతుంది, ఆ విషం పుట్టదు. యాసంగిలో చలి వల్ల మురగడం ఇంకా ఆలస్యం కాబట్టి ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మీ 3 ఎకరాలకు నెల రోజులు ఇలా వాడుకోవచ్చు. మొదటి 5 రోజుల్లో గడ్డి ఆరాలి, కట్టలన్నీ గట్టు దాటాలి. నేలలో పదును ఉండగానే, అంటే గుప్పెడు మట్టి నొక్కితే ముద్దగా నిలిచి, చేతికి జిగురుగా అంటుకోని స్థితిలో, ఎకరాకు ఒక బస్తా, 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటవేటర్ వేయించండి. 3, 4 అంగుళాల లోతు చాలు. అంతకన్నా లోతుకు తొక్కితే గాలి అందదు. సూపర్ వేసిన మేరకు నాటప్పటి భాస్వరం తగ్గించుకోవచ్చు: ఆ బస్తాలో 8 కిలోల భాస్వరం ఉంటుంది, అది సుమారు 17 కిలోల డీఏపీలో ఉన్నంత.

తర్వాత రెండు వారాలు నేల తడిగా ఉండాలి, నీళ్లు నిలబడకూడదు. ఆరిపోతుంటే పలుచగా ఒక తడి ఇచ్చి మిగిలిన నీళ్లు తీసేయండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. హార్వెస్టర్ రాల్చిన గింజలు ఈ తడికి మొలుస్తాయి, దమ్ములో చచ్చిపోతాయి. యాసంగికి రకం మారుస్తుంటే కేళీలు తగ్గడానికి ఇది చాలా అవసరం.

నాటుకు 8, 10 రోజుల ముందు నీళ్లు పెట్టి కేజ్ వీల్స్‌తో మొదటి దమ్ము, నాటుకు ఒకట్రెండు రోజుల ముందు రెండో దమ్ము చేయించండి. రెండో దమ్ముకు ముందు మట్టిలోంచి నాలుగైదు గడ్డి పోచలు లాగి చూడండి. నల్లబారి, వేళ్ల మధ్య నలిపితే తునిగితే సరిపోయింది. ఇంకా బంగారు రంగులో, లాగినా తెగకుండా ఉంటే నారు ముదిరిపోని మేరకు నాలుగైదు రోజులు నాటు వెనక్కి జరపడమే మేలు. దమ్ములో గాలికి మూలకు కొట్టుకొచ్చే చెత్తను ఎత్తి గట్టు అవతల పారేయండి. పోయిన పంటలో పాముపొడ తెగులు ఉంటే దాని శిలీంధ్రపు గింజలు ఆ చెత్తలోనే తేలుతుంటాయి.

చెరువు కింది నేల కాబట్టి పదును దొరక్కపోవచ్చు. చైన్ మిషనే కష్టంగా దిగిన పొలంలో రోటవేటర్ మునుగుతుంది. అప్పుడు తడి పద్ధతే గతి. కానీ నాటుకు కనీసం 20 రోజుల ముందే సూపర్ చల్లి, రెండంగుళాల నీరు పెట్టి దమ్ము మొదలుపెట్టాలి. వారానికోసారి కలియబెడుతూ, మధ్యలో ఒకసారి నీరు పూర్తిగా తీసేయాలి. అడుగు వేస్తే బుడగలు, మురుగు వాసన వస్తున్నంత కాలం నాటొద్దు.

డీకంపోజర్ ద్రావణాల గురించి కూడా అడుగుతుంటారు. 200 లీటర్ల నీళ్లలో 2 కిలోల బెల్లం, సీసాలో దొరికే సూక్ష్మజీవుల కల్చర్ కలిపి చేసుకునే వేస్ట్ డీకంపోజర్‌కు ఖర్చు తక్కువ, వాడుకోవచ్చు. కానీ నిలబడిన ఎండు కొయ్యల మీద పిచికారీ చేసి వదిలేస్తే ఏమీ జరగదు. తడి ఉండి, గడ్డి మట్టిలో కలిసినప్పుడే అది పని చేస్తుంది. అవి రెండూ ఉంటే అది లేకపోయినా గడ్డి చివుకుతుంది, కొంచెం ఆలస్యంగా.

ఇంత చేసినా నాటిన 2, 3 వారాలకు పసుపురంగు కనిపిస్తే యూరియా బస్తా విప్పకముందు ఒక మొక్క పీకి వేళ్లు చూడండి. మూడు వేర్వేరు కారణాలు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి.

వేళ్లు తెల్లగానో ఇటుక రంగులోనో ఉండి, కింది ముదురాకులు ఒకేలా పసుపుబారితే అది నత్రజని కొరత. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే వాడేసుకుంటాయి, తర్వాత అవి చచ్చినప్పుడు తిరిగి ఇస్తాయి. దీనికి యూరియా పనిచేస్తుంది. అసలు ఇది రాకుండా, మొత్తం మోతాదు పెంచకుండానే చివరి దఫాలోంచి ఎకరాకు 10 కిలోల యూరియా ముందుకు జరిపి ఆఖరి దమ్ములో వేసుకోండి.

వేళ్లు నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన కొడితే అది సల్ఫైడ్ దెబ్బ. కాలు దిగబడి బుడగలు వస్తాయి, మొక్క గిడసబారి పిలక పెట్టదు. మీరు రాసిన లక్షణాలను బట్టి పోయినేడు ఇదే జరిగి ఉండొచ్చు. ఇక్కడ యూరియా చల్లితే డబ్బు దండగ, దాన్ని పీల్చే స్థితిలో వేళ్లు లేవు. నీళ్లన్నీ తీసేసి సన్నటి నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టాలి. తర్వాత పలుచగా నీరు పెట్టి, కొత్తగా తెల్ల వేళ్లు కనిపించాక ఎరువు వేయాలి. పై మడి నీళ్లు కింది మడిలోకి పారే చోట ఇది కష్టం, గట్టు వెంట చిన్న కాలువ తీసి నీళ్లు మళ్లించాల్సి వస్తుంది.

ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి, ఆకు మొదట్లో మధ్య ఈనె పాలిపోతే అది జింకు లోపం. నీరు నిలిచి, గడ్డి మురిగే నేలలో జింకు మొక్కకు అందదు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ చొప్పున 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. ముందుజాగ్రత్తగా ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేయొచ్చు. కానీ డీఏపీ, సూపర్ లాంటి భాస్వరం ఎరువులతో కలిపి వేయొద్దు, మూడు రోజులైనా తేడా ఉంచండి.

గడ్డిని పరుపుగా కప్పే మల్చింగ్ నాటు వరికి కుదరదు. కోస్తాలో వరి తర్వాత దున్నకుండా మొక్కజొన్న వేసేవాళ్లకు, లేదా మీకే గట్టున కూరగాయల మడి ఉంటే దానికి పనికొస్తుంది. అక్కడ రెండు మూడంగుళాల మందం చాలు, మొక్క మొదలుకు ఆనకుండా పరచాలి.

బయోచార్ అంటే గాలి సరిగా అందకుండా కాల్చి చేసి, పొలంలో వేసుకునే బొగ్గు. వరిగడ్డికి అది దండగ పని. తేలిక గడ్డి, భగ్గున మండి బూడిదే ఎక్కువ మిగులుతుంది, మోసుకొచ్చే కూలి కూడా గిట్టదు. మీ ఊళ్లో పత్తి కట్టె, కంది కట్టె ఉంటే దానికి చేయండి. పైన మనిషి పొడవు వెడల్పుతో, అడుగుకు వచ్చేసరికి సన్నబడేలా, మూడడుగుల లోతు గుంత తీయాలి. అడుగున కొంచెం ఎండు కట్టె పేర్చి పైనుంచి నిప్పు పెట్టాలి. పైపొర మీద తెల్ల బూడిద కనిపించడం మొదలవగానే ఇంకో పొర కట్టె వేయాలి. కొత్త పొర మంట కింది పొరకు గాలి అందనివ్వదు, అందుకే అది బొగ్గుగా ఆగుతుంది. గుంత నిండగానే నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి. ఆర్పకుండా వదిలేస్తే తెల్లారేసరికి అంతా బూడిదే. ఎండు కట్టె బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా బొగ్గు వస్తుంది. దాన్ని నేరుగా పొలంలో చల్లితే మొదట్లో నత్రజనిని పట్టేసుకుంటుంది కాబట్టి పొడి చేసి పశువుల ఎరువులో కలిపి, కొన్ని వారాలు మాగనిచ్చాక వేయాలి.