చిమ్నీ బ్రాండ్ సంగతి తర్వాత, ముందు గోడకి కన్నం ఎంతుందో చూడు బిడ్డా

స్వాతీ, నువ్వు మా లావణ్యకి పెట్టిన మెసేజ్ అది నాకు పంపేసింది, "అమ్మా నువ్వే చెప్పు, నాకు మ్యాగీ తప్ప ఏం తెలుసు" అని. నిజాంపేటలో కొత్త ఫ్లాట్, కొత్త కాపురం, మీ అత్తగారింట్లో వారానికి మూడుసార్లు పూరీలో గారెలో ఉండాల్సిందే, సంక్రాంతికి సకినాలు కూడా నువ్వే చేస్తానన్నావట. మా ఇంటికొచ్చి డబ్బాలో చెయ్యి పెట్టి సకినాలు విరగ్గొట్టిన పిల్లవి నువ్వేనా అని ఒకటే నవ్వుకున్నా. నవ్వుతూనే భయం కూడా వేసింది, ఎందుకంటే నువ్వు అడిగింది "ఏ బ్రాండ్, 1500 సక్షన్ సరిపోతుందా" అని. నేనూ ఒకప్పుడు షాపులో సరిగ్గా ఇదే అడిగా.

చిన్నవి ముందు చెప్పేస్తా. స్టవ్ ఎంత వెడల్పో చిమ్నీ కనీసం అంత ఉండాలి, రెండు బర్నర్లకి 60 సెంటీమీటర్లు, మూడు నాలుగు బర్నర్లకి 90. స్టవ్ మీంచి 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో పెట్టించు, నీ మోడల్ బుక్‌లో ఎంతుంటే అంత. పైపు లేకుండా చార్‌కోల్ ఫిల్టర్‌తో గాలిని మళ్ళీ కిచెన్‌లోకే వదిలే రకం వేపుళ్ళ ఇంటికి పనికిరాదు.

ఇక నా తప్పు చెప్తా, కూర్చుని చదువు.

2013లో కూకట్‌పల్లి ఫ్లాట్‌కి మారినప్పుడు మీ అంకుల్‌తో పోట్లాడి మరీ చిమ్నీ కొనిపించా. మంచి పేరున్నదే. ఫిట్టింగ్‌కి వచ్చినతను చూస్తే చిమ్నీ పైన పైపు నోరు 6 అంగుళాలు, బిల్డర్ యుటిలిటీ గోడకి వదిలిన కన్నం 4 అంగుళాలు. "ఏం కాదు మేడమ్, రెడ్యూసర్ వేస్తా" అన్నాడు. అకార్డియన్‌లా సాగే అల్యూమినియం పైపు ఒకటి తెచ్చి, మూడు మలుపులు తిప్పి ఫాల్స్ సీలింగ్ పైనుంచి అటు పంపించాడు. మా కార్పెంటర్ దాన్ని కనపడకుండా నీట్‌గా మూసేశాడు, నేనేమో అబ్బ ఎంత బాగుంది అని ఫోటోలు కూడా తీశా.

రెండు నెలలు బానే ఉంది. తర్వాత పోపు వేస్తే పొగ పైకి వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ మొహం మీదకి వచ్చేది, హాల్లో కర్టెన్లు వాసన పట్టాయి. మోటర్ పోయిందేమో అని మూడుసార్లు మనిషిని పిలిపించా, ఫిల్టర్ కడిగి డబ్బులు తీసుకుని పోయేవాడు. ఆఖరికి అది తీసేసి ఇంకా ఎక్కువ సక్షన్ ఉన్నది కొన్నా. చప్పుడు పెరిగింది, పొగ అక్కడే ఉంది.

ఆ జనవరిలో సకినాలు పెట్టుకున్నా. రెండు కిలోల బియ్యప్పిండి, వాము, నువ్వులు వేసి తెల్లారుజామునుంచి బట్ట మీద చుట్టి ఆరబెట్టి, కడాయిలో మొదటి వాయి వేశానో లేదో పైనుంచి ఒక గోధుమరంగు చుక్క నూనెలో టప్‌మని పడింది. చిటపటమని చేతి మీదకి చిందింది. నేను ఆవిరేమో అనుకుని ఇంకో వాయి వేశా, ఈసారి వరసగా నాలుగు చుక్కలు. పాత నూనె కంపు, సకినాల మీద మచ్చలు. ఆ కడాయి నూనె, రెండు వాయిలు అన్నీ పారబోశా. పండగ పూట ఏడ్చినంత పనైంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్ద ఎలక్ట్రీషియన్ ఉండేవాడు, ఆయన వచ్చి ఏం చేశాడో తెలుసా, చిమ్నీ ఫుల్‌లో పెట్టి ఒక న్యూస్‌పేపర్ షీట్ ఫిల్టర్ కింద పట్టుకుని వదిలాడు, కిందపడింది. పైన పైపు ఊడదీసి మళ్ళీ పట్టాడు, పేపర్ టప్పున అతుక్కుంది. "అమ్మా మిషన్‌కి ఏం కాలేదు, మీ పైపే దొంగ" అన్నాడు. సీలింగ్ కోయిస్తే లోపల ఆ సాగే పైపు మధ్యలో పొట్టలా జారి ఉంది, ఆ పొట్టలో గిన్నెడు నూనె, బెల్లం పాకంలా చిక్కగా. పొగతో పాటు వెళ్ళే నూనె ఆవిరి, నీటి ఆవిరి చల్లటి పైపులో చుక్కలుగా మారి అక్కడ చేరతాయట, చలికాలం ఇంకా ఎక్కువ. నిండాక వెనక్కే వస్తుంది కదా మరి. నీళ్ళు కలిసి ఉంది కాబట్టే కడాయిలో అంత చిటపటలాడింది. నాకు చుక్కల బాధ కంటే ఇంకో భయం పట్టుకుంది, కింద మంట, పైన నూనె నిండిన పైపు, ఎప్పుడైనా కడాయి అంటుకుంటే? ఇప్పటికీ చిమ్నీ నడుస్తుంటే గిన్నె లేకుండా మంట వదలను, నువ్వూ వదలకు. నూనె అంటుకుంటే నీళ్ళు మాత్రం పోయకు తల్లీ, స్టవ్ ఆపి మూత పెట్టెయ్.

6 నుంచి 4 అంగుళాలు అంటే రెండంగుళాలే కదా అనుకున్నా నేను. కానీ గాలి పోయే దారి సగం కంటే తక్కువైపోతుంది, 36కి 16 అన్నమాట. డబ్బా మీద సక్షన్ అని రాసేది గంటకి ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగుతుందని, అదీ పైపు అడ్డు లేనప్పటి లెక్క. నీ కిచెన్ 8 అడుగులు, 10 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర అనుకో, దాదాపు 21న్నర ఘనపు మీటర్లు, గంటకి 12 సార్లు గాలి మారాలన్నా 260 లోపే. వేపుళ్ళ పొగకీ, పైపులో పోయేదానికీ కలిపి నాలుగైదు రెట్లు పెట్టుకున్నా 1200 చాలు. 1500కి ఎగబడి 4 అంగుళాల కన్నంలోకి తోస్తే నా కథే.

నేను తర్వాత చేయించింది ఇది. కోర్ కటింగ్ వాళ్ళని పిలిచి కన్నం 6 అంగుళాలు దాటేలా పెద్దది చేయించా, రాణిగంజ్ నుంచి 6 అంగుళాల గట్టి పీవీసీ పైపు తెచ్చి ఒకే మలుపుతో, బయటివైపుకి కొంచెం వాలుగా వేయించా. బయట గాలి వెనక్కి రాకుండా రెక్క మూత. మీ ఫ్లాట్‌లో కన్నం షాఫ్ట్‌లోకి ఉంటే మాత్రం అందులోకి వదలకు, పై వాళ్ళ బాత్రూముల్లోకి నీ గారెల వాసన పోయి గొడవవుతుంది, యుటిలిటీ వైపే బయటికి పంపించు.

బ్రాండ్ అడిగావు కదా. ఫేబర్, ఎలికా, గ్లెన్, హిండ్‌వేర్, ఏదైనా పర్లేదు, మీ ఏరియాలో ఎవరి సర్వీస్ మనిషి రెండ్రోజుల్లో వస్తాడో మీ ఫ్లోర్ వాళ్ళని అడిగి అది తీసుకో. ఫిల్టర్ విషయంలో మాత్రం రాజీ పడకు, స్టీల్ బాఫిల్ తీసుకో. వంకర పట్టీల మధ్య పొగ మలుపులు తిరుగుతుంటే నూనె పట్టీలకి కొట్టుకుని కిందకి జారుతుంది. సన్న జాలీ ఉన్నది వేపుళ్ళకి పదిరోజుల్లో మూసుకుపోతుంది. ఫిల్టర్‌లెస్ అని కడగక్కర్లేదని చెప్తారు, నూనె నేరుగా లోపల ఫ్యాన్‌కే పోతుంది, ఆటోక్లీన్ వేడికి తాజా నూనె కరుగుతుంది గానీ నెల రోజులు గట్టిపడ్డది కరగదు. నీలాంటి బద్ధకస్తురాలికి (కోపం తెచ్చుకోకు) చేతికి ఊడొచ్చి కనపడే ఫిల్టరే మేలు, రెండు వారాలకోసారి వేడినీళ్ళు, గిన్నెల సబ్బుతో నానబెట్టు.

కడాయి పెట్టకముందే ఆన్ చెయ్, అయ్యాక పది నిమిషాలు నడవనీ, దూరంగా ఉన్న కిటికీ కొంచెం తెరిచి ఉంచు, అన్నీ మూసేస్తే గాలి ఎక్కణ్ణుంచి లాక్కుంటుంది.

కార్పెంటర్ సీలింగ్ మూసేముందు పేపర్ పెట్టి చూడు, అతుక్కోకపోతే పైపు ఫిట్టింగ్ అతనికి డబ్బులివ్వకు. ముందు ఆ కన్నానికి టేపు పెట్టి ఫోటో తీసి నాకు పంపు, చూశాకే నువ్వు షాపుకి వెళ్ళు.

లావణ్య వాళ్ళ అమ్మ