కోర్సుల వరుసలో చక్రం ఎక్కడుందో పట్టుకోవడం

ప్రశ్న: టోపోలాజికల్ సార్ట్ చేస్తే, అంటే ముందు చదవాల్సిన కోర్సు ముందే వచ్చేలా వరుస పేరిస్తే, కొన్ని కోర్సులు మిగిలిపోతున్నాయి. అవన్నీ చక్రంలో, అంటే ఒకదానికి ఇంకోటి ముందు కావాలంటూ తిరిగి మొదటిదానికే వచ్చే వలయంలో, ఉన్నట్టేనా?

కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. నాలుగు కోర్సులు తీసుకోండి. ప్రోగ్రామింగ్‌కు ముందు ఏమీ అక్కర్లేదు. డేటా స్ట్రక్చర్స్‌కు ప్రోగ్రామింగ్ కావాలి, ఎవరో పొరపాటున అల్గారిదమ్స్ కూడా కావాలని రాశారు. అల్గారిదమ్స్‌కు డేటా స్ట్రక్చర్స్, కంపైలర్స్‌కు అల్గారిదమ్స్ కావాలి.

ఇలా వరుస పేర్చే కాన్ పద్ధతిలో ప్రతి కోర్సుకూ ఇంకా పూర్తికాని ముందు కోర్సులు ఎన్నో లెక్క పెడతాం. లెక్క సున్నా ఉన్నదాన్ని తీసి వరుసలో వేసి, దాని మీద ఆధారపడ్డవాటి లెక్క ఒకటి తగ్గిస్తాం. ఇక్కడ ప్రోగ్రామింగ్ బయటికొస్తుంది, డేటా స్ట్రక్చర్స్ లెక్క 2 నుంచి 1కి దిగుతుంది. అంతే, సున్నా ఉన్నది ఇంకొకటి లేదు. నాలుగింట్లో వచ్చింది ఒకటే కాబట్టి ఎక్కడో చక్రం ఉన్నట్టు ఖాయం.

కానీ మిగిలిన మూడింట్లో కంపైలర్స్ తప్పేమీ లేదు పాపం, చక్రం వెనక ఇరుక్కుంది. అసలు చక్రం దొరకాలంటే మిగిలినవాటిలో ఏదో ఒకదాని నుంచి, దానికి ముందు కావాల్సినవాటిలో ఇంకా మిగిలి ఉన్న కోర్సుకే వెళ్తూ వెనక్కి నడవండి. కంపైలర్స్, అల్గారిదమ్స్, డేటా స్ట్రక్చర్స్, మళ్లీ అల్గారిదమ్స్. రెండోసారి కనిపించిన పేరు నుంచి అదే పేరు దాకా ఉన్నదే చక్రం.

చక్రం లేకుండానే ఇరుక్కుంటే డేటా చూడండి: ఒకే షరతు రెండుసార్లు లెక్కలో పడి, తగ్గించేటప్పుడు ఒక్కసారే తగ్గుతుండొచ్చు.