రఫ్ కట్ కొత్తవాళ్లకు చూపిస్తే ఎవరి మాట వినాలి?

*ప్రశ్న: నేను ఎడిటింగ్ డిప్లొమా చేస్తున్నాను. ఫైనల్ ఇయర్ షార్ట్ ఫిల్మ్ తొలి కూర్పు, అంటే రఫ్ కట్, 34 నిమిషాలు వచ్చింది. ఫ్రెండ్స్‌కి చూపిస్తే ఒకరు ల్యాగ్ అన్నారు, ఇంకొకరు క్లైమాక్స్ మార్చమన్నారు, మా అమ్మ చాలా బాగుంది అంది. బయటివాళ్లకు చూపించి చూడమంటున్నారు మా సార్. ఎలా చూపించాలి? అందరూ తలోమాట చెబితే ఏది పట్టించుకోవాలి? ఎడిటర్‌గానే స్థిరపడాలని ఉంది. – ఓ విద్యార్థిని, వరంగల్*

జవాబు: ముందు మనుషుల సంగతి చూద్దాం. మీకు కావలసింది పన్నెండు, పదిహేను మంది. మీ యూనిట్‌లోవాళ్లు, నటుల చుట్టాలు, తోటి ఫిల్మ్ విద్యార్థులు వద్దు. ఫిల్మ్ విద్యార్థి సినిమా చూడడు, షాట్లు చూస్తాడు. మీ ఇంటి ఓనరుగారి అబ్బాయి ఆఫీసువాళ్లు, పక్కవీధి ట్యూషన్ టీచరు, బ్యాంకులో పనిచేసే తెలిసినవాళ్ల స్నేహితులు లాంటివాళ్లు నయం. అందరినీ ఒకేరోజు పిలిచేయకండి. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ కొత్తవాళ్లు కాలేరు కాబట్టి, మార్పులు చేశాక చూపించడానికి సగంమందిని అట్టిపెట్టుకోండి.

చూపించే ముందు డైలాగుల సౌండ్ సరిచూసుకోండి. రంగులు తేడాగా ఉన్నా, నేపథ్య సంగీతం లేకపోయినా జనం సర్దుకుపోతారు కానీ, మాట వినిపించకపోతే మాత్రం సర్దుకోరు. తమాషా ఏమిటంటే, వాళ్లు ‘మాట వినపడలేదు’ అని చెప్పరు, ‘బోర్ కొట్టింది’ అంటారు. ఫ్రేము మూలన నిమిషాలు, సెకన్లు చూపే టైమ్‌కోడ్ పెడితే చూసేవాళ్ల కళ్లు అంకెల మీదకే పోతాయి. అది మీ కాగితం మీద ఉంటే చాలు. షో మొదలయ్యే ముందు ‘ఇది ఇంకా పూర్తి కాలేదు, రంగులు, సంగీతం తర్వాత వస్తాయి’ అని ఒక్కమాట చెప్పి ఆపండి. కథ గురించి ఒక్క ముక్క కూడా చెప్పవద్దు.

లైట్లు ఆర్పాక మీరు తెరవైపు కాదు, మనుషులవైపు చూడాలి. పక్కగా, కాస్త వెనగ్గా కూర్చోండి. ఎక్కడ కుర్చీల్లో కదిలారో, ఎక్కడ ఫోన్ వెలుగు కనబడిందో, నవ్వకూడని చోట ఎవరు నవ్వారో నిమిషంతో సహా రాసుకోండి. తర్వాత వాళ్లు నోటితో ఏం చెప్పినా, ఆ కాగితం అబద్ధం చెప్పదు.

అయిపోగానే చర్చ పెట్టకండి. ముందు ఒక పేజీ ఫారం ఇచ్చి ఎవరికి వారు రాసేలా చూడండి. గట్టిగా మాట్లాడే మనిషి ఒక్కరుంటే చాలు, మిగతావాళ్లంతా ఆయన అభిప్రాయాన్నే తమదనుకుంటారు. ఫారంలో మొట్టమొదటి ప్రశ్న: ‘ఈ కథ మీ మాటల్లో మూడు లైన్లలో చెప్పండి.’ ఆ తర్వాత ఎక్కడ అర్థం కాలేదు, ఎక్కడ మనసు పక్కకు పోయింది, ఏ సీను గుర్తుండిపోయింది. ‘బాగుందా?’ అనీ, ‘ఎక్కడ కట్ చేయాలి?’ అనీ అడగవద్దు. మొదటిదానికి మర్యాద కోసం జవాబిస్తారు, రెండోదాన్ని అడిగితే ప్రేక్షకుణ్ని ఎడిటర్ కుర్చీలో కూర్చోబెట్టినట్టే. హాలీవుడ్ టెస్ట్ స్క్రీనింగ్‌లలో ‘అద్భుతం’ నుంచి ‘బాగాలేదు’ దాకా అయిదు మెట్లు పెట్టి, పై రెండింట్లో ఎంత శాతం పడ్డారో లెక్కగడతారు. హాలు నిండా జనం ఉంటే ఆ లెక్కకు అర్థం ఉంటుంది. పదిహేను మందిలో శాతాలు తీయడం వృథా పని.

ఫారాలు తీసుకున్నాక ఓ పావుగంట మాట్లాడించండి. మాట్లాడించేది మీరు కాదు, డైరెక్టర్ అసలే కాదు. ‘ఆవిడ హీరో అక్క అండీ, చెప్పాం కదా’ అని డైరెక్టర్ ఒక్కసారి నోరు జారితే, తనకు ఏం అర్థమైందో గదిలో ఇక ఎవరూ నిజం చెప్పరు.

ఈ ‘అక్క’ ఉదాహరణ ఊరికే రాలేదు. ఎడిటింగ్ రూముల్లో పనిచేసిన రోజుల్లో 31 నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి 14 మందికి చూపించాం. పొలం అమ్మే పనిమీద హైదరాబాద్ నుంచి ఊరొచ్చిన కుర్రాడి కథ అది. 19వ నిమిషంలో ఆసుపత్రి వరండా సీను. ఆ ఇంటి ఆడమనిషి చేతిగాజులు తీసి అతని చేతిలో పెడుతుంది. ఆ సీను సాగదీశారని తొమ్మిదిమంది రాశారు. మూడు నిమిషాల సీనును ఒక్క నిమిషానికి కోసేయమని డైరెక్టర్ పట్టుబట్టాడు. నేనూ కత్తిరించబోయాను. అప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబులు చదివాం. ఆరుగురు ఆవిణ్ని అతని వదిన అనుకున్నారు. ఆ ఆరుగురూ ఈ తొమ్మిదిమందిలోవాళ్లే.

వెనక్కి వెళ్లి చూస్తే జబ్బు అయిదో నిమిషంలో ఉంది. అతను మొదటిసారి ‘అక్కా’ అని పిలిచే చోట ఆమె వీపు మాత్రమే కనిపిస్తుంది, పిలుపేమో బోరు మోటారు చప్పుడులో కలిసిపోయింది. వందసార్లు చూసిన మాకు అది వినిపిస్తూనే ఉంది మరి! మోటారు చప్పుడు తగ్గించాం, ఆ పిలుపు మళ్లీ డబ్బింగ్ చెప్పించాం, ఆమె వెనక్కి తిరిగే షాట్ మూడు సెకన్లు కలిపాం. ఆసుపత్రి సీనులో తీసింది పన్నెండు సెకన్లే. తర్వాత వేరే 11 మందికి చూపిస్తే సాగదీశారన్నది ఇద్దరు. గాజుల సీను గుర్తుండిపోయిందని ఏడుగురు రాశారు.

అందుకే వచ్చిన మాటలను ఇలా వేరుచేయండి. ‘ఆమె ఎవరో తెలియలేదు’, ‘వాడు ఊరెందుకు వచ్చాడు?’ లాంటివి అభిరుచి మాటలు కావు. మీరు దాచాలని దాచింది కాకపోతే, ముగ్గురికి అర్థం కాకపోయినా సరిచేయాల్సిందే. ‘ఇక్కడ ల్యాగ్’ అన్నమాట ఒక్కరిదైతే పక్కన పెట్టుకోండి. నలుగురైదుగురు ఒకే చోట వేలు పెట్టి, ఆ నిమిషానికే మీ కాగితం మీదా కుర్చీలు కదిలినట్టు రాసుంటే అది నిజం. అయితే వేలు పెట్టిన చోటే కోయకండి. అంతకు ముందు ఏం తెలియక అక్కడ విసుగొచ్చిందో వెతకండి. ఒకే సీనును సగంమంది పొడుగన్నారు, సగంమంది తొందరగా అయిపోయిందన్నారు అనుకోండి. రెంటికీ తరచు మూలం ఒక్కటే: ఆ సీను ఎవరి గురించో వాళ్లకు పట్టుబడలేదు.

ఇక మిగిలేవి సలహాలు. ‘ఒక పాట పెట్టండి’, ‘తండ్రి బతికితే బాగుండు’. ఇవి వేరే సినిమా గురించి చెప్పేవి. మా షోలో తండ్రిని బతికించమన్నది నలుగురు. వాళ్లు కథ మూడు లైన్లలో తప్పు లేకుండా రాశారు, చావు చూసి బాధపడ్డామనీ రాశారు. సినిమా చేయదలచుకున్నది అదే కాబట్టి ముట్టుకోలేదు. అదే చోట నలుగురూ ‘నమ్మబుద్ధి కాలేదు’ అని రాసుంటే మళ్లీ ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చునేవాళ్లం. క్లైమాక్స్ మార్చమన్న మీ ఫ్రెండ్‌ని కూడా ఇదే అడగండి: బాధగా ఉందా, నమ్మలేకపోతున్నావా?

ప్రేక్షకుల మాట మీద ముగింపే మార్చినవాళ్లు లేకపోలేదు. 1987లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఫాటల్ అట్రాక్షన్’కు టెస్ట్ షోలలో మొదటి ముగింపు నచ్చలేదని కొత్తది మళ్లీ షూట్ చేశారు. సినిమా పెద్ద హిట్టయింది. వాళ్ల వెనక స్టూడియో డబ్బుంది. మీ దగ్గరున్నది షూట్ చేసిన ఫుటేజీ, ఒక డబ్బింగ్ మైకు. అందుకని ప్రతి మాటకూ ‘దీన్ని ఉన్నదాంతో సరిచేయగలనా?’ అన్న కాలమ్ ఒకటి గీసుకోండి.

ఉద్యోగం సంగతి. మన దగ్గర లీకుల భయం వల్ల ప్రివ్యూలు ఎక్కువగా తెలిసినవాళ్ల మధ్యే జరుగుతాయి, ఇలా ముక్కూమొహం తెలియనివాళ్లకు చూపించడం తక్కువ. అసిస్టెంట్‌గా చేరాక డైరెక్టర్, నిర్మాత, హీరోగారి మనిషి ఒకే సాయంత్రం తలా పది మార్పులు చెబుతారు, వాటికీ ఇదే జల్లెడ పనికొస్తుంది. పని అడగడానికి వెళ్లేటప్పుడు ఫిల్మ్‌తో పాటు ఆ నోట్ కూడా తీసుకెళ్లండి: ఏ నిమిషం, ఎందరన్నారు, మూలం ఎక్కడ దొరికింది, ఏం చేశారు, ఏది ఎందుకు వదిలేశారు. ఎడిటర్లు షోరీల్ రెండు నిమిషాలు చూస్తారేమో కానీ, ఆ కాగితం చూస్తే ప్రశ్నలు అడుగుతారు.

మీ అమ్మగారిని కూడా వదలకండి. బాగుందా అని కాకుండా, కథ చెప్పమనండి.